1.46ని 1.5 అని రాసే ముందు: ల్యాబ్ రీడింగ్‌లో తేడాను పరమమూల్యంతో ఎలా చెప్పాలి?

పోయిన ఎండాకాలం కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చే మా డిగ్రీ విద్యార్థి ఒకడు వాళ్ల ఊరి బోరు నీళ్లు ప్లాస్టిక్ సీసాలో పట్టుకొచ్చాడు. అనంతపురం జిల్లాలో బోరు నీళ్లంటే ముందు అడిగేది ఫ్లోరైడ్ సంగతే. మధ్యాహ్నానికల్లా పరీక్ష ముగించి, రికార్డులో "ఫ్లోరైడ్ 1.5" అని రాసి, "సార్, మా ఊరి నీళ్లు పాసైనాయి" అన్నాడు.

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.0 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీటి వసతి లేనప్పుడు మాత్రం 1.5 వరకు అనుమతిస్తారు. కాబట్టి వాడు రాసిన అంకె సరిగ్గా గీత మీద కూర్చుంది. అసలు మీటరు చూపించింది ఎంత అని అడిగితే 0.73 అన్నాడు. ఆ 0.73 నుంచి 1.5 దాకా వచ్చే దారిలో ఏం జరిగిందో ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. ఆ వరుసే ఇక్కడ చెబుతున్నాను.

మొదట: రీడింగును ఒక దూరంలా రాయండి

ఇంటర్‌లో |x − a| అంటే "మైనస్ తీసేయడం" అని చాలామంది గుర్తుపెట్టుకుంటారు. ల్యాబ్‌లో దాన్ని సంఖ్యారేఖ మీద x కీ a కీ మధ్య దూరం అనుకోండి. కొలతలో తప్పు ఎక్కువ వైపు పోయిందో తక్కువ వైపు పోయిందో మనకు తెలియదు. ఎంతకు మించి పోదో మాత్రం చెప్పగలం. దిక్కు తెలియని దూరాన్ని చెప్పడానికి పరమమూల్యం కంటే మంచి గుర్తు లేదు.

```
|x − a| ≤ t   అంటే   a − t ≤ x ≤ a + t
```

ఇక్కడ x మీటరులో పెట్టిన నీళ్లలో నిజంగా ఉన్న విలువ, a మీకు వచ్చిన రీడింగ్, t దాటకూడని తేడా.

రెండోది: t ఎంతో మీరే కనుక్కోండి

మావాడు మొదట t = 0.005 అన్నాడు. స్క్రీన్ మీద రెండు దశాంశ స్థానాలు కనిపిస్తున్నాయి కాబట్టి తేడా అంతే అని వాడి లెక్క. అది స్క్రీన్ రౌండ్ చేయడంలో పోయిన ముక్క మాత్రమే. మీటరు, రియేజెంటు, చేసే మనిషి చెయ్యి కలిసి తెచ్చే తేడా అందులో లేదు.

ఆ తేడా తెలియాలంటే విలువ ముందే తెలిసిన ద్రావణాన్ని కొలవాలి. లీటరుకు 1.00 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్న స్టాండర్డ్‌ను ఐదుసార్లు చేయించాను. 0.98, 1.03, 0.96, 1.02, 0.99 వచ్చాయి. వీటిలో 1.00 నుంచి అన్నిటికంటే దూరంగా ఉన్నది 0.96. దూరం 0.04. అందుకే t = 0.04 తీసుకున్నాం.

```
|x − 0.73| ≤ 0.04   అంటే   0.69 ≤ x ≤ 0.77
```

ఈ ఐదు రీడింగులూ అదే స్క్రీన్ మీద చూసినవే కాబట్టి స్క్రీన్ రౌండింగ్ 0.04లోనే కలిసిపోయింది. దానికి మళ్లీ 0.005 కలపక్కర్లేదు. ఐదుసార్లు చేసినంత మాత్రాన ఆరోసారి 0.05 రాదన్న హామీ లేదు, పదిసార్లు చేస్తే ఇంకా నమ్మకం. ఇంకో హద్దు కూడా ఉంది. బోరు నీళ్లలో అల్యూమినియం లాంటివి ఉంటే ఫ్లోరైడ్ రీడింగ్ దెబ్బతింటుంది. స్టాండర్డ్‌లో అవి ఉండవు కాబట్టి ఆ తప్పును ఈ t పట్టుకోలేదు.

మూడోది: పలచన చేస్తే తేడా కూడా పెరుగుతుంది

మేం వాడింది జిర్కోనియంతో కలిసిన ఎర్ర రంగు రియేజెంటు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఆ ఎరుపు అంత వెలిసిపోతుంది, మీటరు చూసేది దాన్నే. ఈ పద్ధతి 1.4 వరకే సరిగ్గా పనిచేస్తుంది. మా వైపు నీళ్లు దాన్ని దాటడం మామూలే కాబట్టి ముందే పలచన చేస్తాం. మావాడు 25 మి.లీ. నీళ్లకు డిస్టిల్డ్ వాటర్ కలిపి 50 మి.లీ. చేశాడు. అందుకే 0.73ని రెండుతో గుణించి 1.46 తెచ్చాడు. కానీ తేడాను గుణించలేదు. ఎక్కువమంది జారేది ఇక్కడే. అసలు నీటిలోని విలువను y అనుకుంటే, y = 2x.

```
|y − 1.46| = |2x − 2(0.73)| = 2|x − 0.73| ≤ 0.08
```

పిపెట్‌తో తీసేటప్పుడు కూడా కొంచెం తేడా వస్తుంది. మంచి 25 మి.లీ. పిపెట్‌లో అది 0.03 మి.లీ. దగ్గర ఉంటుంది, మన విలువను 0.002 మాత్రమే కదిలిస్తుంది. 0.08 ముందు దాన్ని వదిలేయొచ్చు.

ఇప్పటికి y విలువ 1.38కీ 1.54కీ మధ్య ఎక్కడో ఉంది.

నాలుగోది: రౌండింగ్‌ను చివర్లో, లెక్కలోకి తీసుకుని చేయండి

1.46ని ఒక్క దశాంశ స్థానానికి తెచ్చి 1.5 అని రాశాడు కదా. రికార్డు చదివేవాళ్లకు 1.46 కనిపించదు. వాళ్లకు తెలిసేది ఇంతే: లెక్కలో వచ్చిన విలువ a, 1.5కు 0.05 దూరం లోపల ఉంది. దాని మీద కొలత తేడా 0.08 కూడా ఉంది. ఈ రెండింటినీ కలిపేది త్రిభుజ అసమానత.

```
|y − 1.5| ≤ |y − a| + |a − 1.5| ≤ 0.08 + 0.05 = 0.13
```

మన దగ్గర ఉన్న సమాచారం 1.38 నుంచి 1.54. చదివేవాళ్ల చేతికి చేరింది 1.37 నుంచి 1.63. పైహద్దు 0.09 ఉత్తపుణ్యానికి పెరిగింది, అదీ గీత దాటే వైపు. గీత దగ్గరి విలువను రౌండ్ చేయకుండా 1.46 అని, పక్కనే తేడా 0.08 అని రాయడమే మేలు.

ఐదోది: గీతతో పోల్చేటప్పుడు హద్దునే పోల్చండి

1.46 అనేది 1.5 కంటే తక్కువే. అయినా నీళ్లు గీత లోపల ఉన్నాయని చెప్పలేం, ఎందుకంటే పైహద్దు 1.54. లోపలే అని గట్టిగా చెప్పాలంటే a + 0.08 ≤ 1.5 కావాలి, అంటే a విలువ 1.42 మించకూడదు. దాటిందని గట్టిగా చెప్పాలంటే a విలువ 1.58 దాటాలి. మధ్యలో ఉన్న అనుమానపు పట్టీని కూడా పరమమూల్యంతోనే రాయొచ్చు.

```
|a − 1.5| < 0.08   అయితే తేల్చలేం
```

మనది |1.46 − 1.5| = 0.04. పట్టీలోనే ఉంది.

పట్టీని సన్నం చేయాలంటే పలచన తగ్గించాలి. ఈసారి 40 మి.లీ. నీళ్లు తీసి 50 మి.లీ. చేయించాను. గుణకం 2 నుంచి 1.25కు దిగింది, తేడా 1.25 × 0.04 = 0.05 అయింది. మీటరు 1.15 చూపించింది. అది 1.4 లోపలే ఉంది, మేం పరీక్షించిన 1.00 స్టాండర్డ్‌కు ఇంకా దగ్గర కూడా.

```
|y − 1.4375| ≤ 0.05   అంటే   1.3875 ≤ y ≤ 1.4875
```

రెండు రీడింగుల హద్దులూ ఒకదానిలో ఒకటి ఇమిడాయి. ఆ హద్దులు ఎక్కడా కలవకపోతే రెండింట్లో ఏదో ఒకటి తప్పని అర్థం, ముందు దాన్ని వెతకాలి. ఇప్పుడు పైహద్దు 1.5 కంటే కింద ఉంది. కింది హద్దు మాత్రం 1.0 కంటే చాలా పైన ఉంది.

వాడు పాత లైను కొట్టేసి రికార్డులో ఇలా రాశాడు: "ఫ్లోరైడ్ 1.44, తేడా 0.05, రౌండ్ చేసిన విలువ కాబట్టి పైహద్దు 1.495. వేరే నీళ్లు లేకపోతేనే తాగొచ్చు." రాశాక, వాళ్ల ఊరి పక్కన ఇంకో బోరు ఉందని, రేపు ఆ నీళ్లు తెస్తానని చెప్పి బస్సుకు వెళ్లాడు.