20 బార్ మెషీన్‌లో కాఫీ పలచగా వస్తుంటే: నా అనుభవం

రాయగడలో మా ఇంట్లో ఉన్నది, డబ్బా మీద 20 బార్ అని పెద్దగా రాసిన చవక ఎస్ప్రెస్సో మెషీన్. కోరాపుట్ గింజలు వాడినా పైన నురగ బోలెడు, కింద కాఫీ మాత్రం పలచగా, పుల్లగా ఉండేది. పొడి పెంచడం, గట్టిగా నొక్కడం, డీస్కేలింగ్, ఏదీ పనిచేయలేదు.

ఆ 20 బార్ అనేది నీటి దారి పూర్తిగా మూసేస్తే పంపు తోయగల గరిష్ఠ ఒత్తిడి. నీరు పారడం మొదలైతే అది తగ్గిపోతుంది. ఎస్ప్రెస్సోకి పొడి దగ్గర సుమారు 9 బార్ చాలు. అది కూడా నీటికి పొడి అడ్డుపడితేనే పుడుతుంది. మెషీన్‌తో వచ్చిన, పొడి వేసే బాస్కెట్ అడుగున ఒకే సన్న రంధ్రం ఉంటుంది. పొడికి బదులు ఆ రంధ్రమే నీటికి అడ్డుపడుతుంది, ఆ ఉత్తుత్తి నురగ కూడా దాని చలవే.

ముందు బాస్కెట్ వ్యాసం కొలిచి, మాది 51 మి.మీ. కాబట్టి, అదే సైజులో అడుగంతా రంధ్రాలున్న సింగిల్ వాల్ బాస్కెట్ తెప్పించాను. తర్వాత 15 గ్రాముల పొడి తూచి వేసి, కప్పు కింద కూడా త్రాసు పెట్టాను. మొదట కాఫీ ధారగా కారిపోయింది. పొడి బరువు మార్చకుండా గ్రైండర్‌ను ఒక్కో గీత సన్నం చేస్తూ పోయాను. 30 గ్రాముల కాఫీ 25-30 సెకన్లలో దిగేదాకా అంతే. చుక్కలు కూడా రాకుండా పంపు మూలిగితే మరీ సన్నమైనట్టు, ఒక గీత వెనక్కి తిప్పాలి.

అందరికీ ఇది కుదురుతుందని చెప్పలేను. కొన్ని మోడళ్లకు ఇలాంటి బాస్కెట్ దొరకదు. షాపులో ఆడించిన ఫిల్టర్ పొడే వాడేవాళ్లకైతే పాత బాస్కెటే నయం.