కుక్క షుగర్ కర్వ్ – పాఠం 4: పొద్దుటి అంకె చూసి డోసు పెంచకండి

పోయిన పాఠంలో ఇంట్లో కర్వ్ ఎలా తీయాలో చెప్పుకున్నాం. పొద్దున తిండికి, ఇన్సులిన్ సూదికి ముందు ఒక రీడింగ్. ఆ తర్వాత సాయంత్రం సూది వేళ వరకు రెండు గంటలకొకటి, షుగర్ 150 కన్నా తగ్గితే గంటకొకటి. చాలామంది బాగానే తీశారు. కానీ తీసినవాళ్ళలో సగం మంది మొదటి అంకె చూడగానే కంగారుపడి, మర్నాడే ఒక యూనిట్ పెంచేశారు. ఈసారి ఫ్రక్టోసమీన్ పరీక్ష గురించి రాద్దామనుకున్నాను. ఆ పాఠాన్ని వాయిదా వేస్తున్నాను.

చెవి అంచున రక్తం తీయడం, స్ట్రిప్ పెట్టడం మళ్ళీ చెప్పను. మీటర్ విషయంలో ఒక్క మాట. మనుషుల మీటర్లు కుక్క రక్తంలో చాలావరకు అసలు కన్నా తక్కువ చూపిస్తాయి. అందుకని కర్వ్ మధ్యలో మీటర్ మార్చొద్దు. తక్కువ అంకె వస్తే "మీటర్ తప్పులే" అని వదిలేయొద్దు కూడా.

అందరికీ పనికొచ్చే ఒక కర్వ్ తీసుకుందాం. జూలీ తొమ్మిదేళ్ళ ఆడ స్పిట్జ్, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, బరువు 12 కిలోలు. ఎన్‌పీహెచ్ ఇన్సులిన్ పూటకు 6 యూనిట్లు. అంకెలన్నీ డెసిలీటర్‌కు మిల్లీగ్రాముల్లో:

ఉదయం 7 – 412
9 – 268
11 – 118
మధ్యాహ్నం 1 – 62
3 – 215
సాయంత్రం 5 – 370
7 – 430

ఇంట్లోవాళ్ళు 412, 430 చూసి 7 యూనిట్లు చేద్దామనుకున్నారు. నిజానికి జూలీకి ఇన్సులిన్ ఎక్కువైంది.

కర్వ్ చేతికి రాగానే పై అంకెలను కాసేపు వేలితో మూసేసి, అన్నిటికన్నా కింది అంకెను వెతకండి. డాక్టర్లు దాన్ని నేడిర్ అంటారు. అది 80కీ 150కీ మధ్య ఉండాలి. డోసు ఎక్కువా తక్కువా అన్నది ముందు ఇదే చెబుతుంది. పొద్దుటి అంకె చెప్పేది వేరే: నిన్నటి సూది ఎంతసేపు పనిచేసిందో, రాత్రి ఏం జరిగిందో. ఆ అంకె ఎక్కువగా ఉండటానికి డోసు చాలకపోవడం ఒక కారణం మాత్రమే. సూది ప్రభావం తొందరగా అయిపోయినా ఎక్కువే ఉంటుంది, డోసు మరీ ఎక్కువైనా ఎక్కువే ఉంటుంది.

ఈ చివరిదే ఎవరికీ నమ్మబుద్ధి కాదు. షుగర్ మరీ కిందికి పడినా, మరీ వేగంగా పడినా శరీరం ఊరుకోదు. గ్లూకగాన్, అడ్రినలిన్, కార్టిసాల్ విడుదలై, లివర్‌లో దాచిన గ్లూకోజ్‌ను రక్తంలోకి తోస్తాయి. దాంతో షుగర్ ఎగబాకుతుంది. దీన్నే రీబౌండ్ అంటారు. ఆ ఎత్తు ఒక్కోసారి ఒకటి రెండు రోజులు దిగదు. పెంచితే ఇంకా లోతుకు పడుతుంది, ఇంకా ఎత్తుకు లేస్తుంది, అది చూసి మళ్ళీ పెంచుతారు. ఇలా పెంచుకుంటూ పోయి చివరికి ఫిట్స్‌తో ఆస్పత్రికి తెస్తారు. జూలీకి ఒంటి గంటకు 62, మూడుకల్లా 215. మధ్యలో తిండేమీ పెట్టలేదు. ఇది రీబౌండేనని కోర్టులో రుజువు చేయనక్కర్లేదు. 80 కన్నా కిందికి వచ్చిందంటే చాలు, డోసు తగ్గించాల్సిందే.

తిండి పెట్టకపోవడం గురించి కూడా చెప్పాలి. "కర్వ్ పాడైపోతుందని పెట్టలేదండీ" అన్నారు. 62 కనిపించాక ఇక ఆ రోజు కర్వ్‌తో పని లేదు. కావాల్సిన జవాబు వచ్చేసింది. అక్కడే ఆపి, కుక్క మామూలుగా ఉంటే కొంచెం అన్నం పెట్టి, అరగంటలో మళ్ళీ చూడాలి. తూలుతున్నా, వణుకుతున్నా చిగుళ్ళకు తేనె రాస్తూ ఆస్పత్రికి బయలుదేరాలి. స్పృహ లేని కుక్క నోట్లో నీళ్ళు, గ్లూకోజ్ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇంకొకటి గమనించండి. జూలీకి నాలుగు గంటలకొకసారి, అంటే 7కు, 11కు, 3కు, 7కు మాత్రమే చూసి ఉంటే? 412, 118, 215, 430. నేడిర్ 118, డోసు సరిపోయింది అనుకునేవాళ్ళం. ఆ 62 ఎవరికీ కనిపించేది కాదు. 150 కన్నా తగ్గగానే గంటకొకసారి చూడమన్నది ఇందుకే. నిజానికి 12కు, 2కు కూడా చూసి ఉండాల్సింది.

మార్పు ఎంత? సాధారణంగా ఒకసారికి పది నుంచి ఇరవై అయిదు శాతం, పెంచినా తగ్గించినా. జూలీకి వాళ్ళ డాక్టర్‌తో మాట్లాడి 6 నుంచి 5 చేశాం. నేనైతే చిన్న కుక్కల్లో ఒక్క యూనిట్ మించి కదపను. కొత్త డోసుకు శరీరం అలవాటుపడటానికి కనీసం వారం కావాలి, ఆలోపు మళ్ళీ మార్చొద్దు. పది రోజుల తర్వాత కర్వ్ ఇలా వచ్చింది: 310, 240, 168, 122, 146, 205, 268. పొద్దున 310 ఉంది కదా అని మళ్ళీ అడిగారు. నేడిర్ 122. నీళ్ళు తాగడం తగ్గింది, రాత్రి మూత్రానికి లేపడం మానేసింది, బరువు నిలిచింది. ఈ డోసును ముట్టుకోవద్దు. ఎప్పుడైనా కుక్క బాగుండి కర్వ్ బాగాలేకపోతే నేను కుక్క మాటే వింటాను, నేడిర్ తక్కువైనప్పుడు తప్ప.

మరి కర్వ్ అసలు కిందికే రాకపోతే, అంటే రోజంతా 340, 390 మధ్యే తిరిగితే? అప్పుడు పెంచవచ్చు, కానీ ముందు సిరంజి చూడండి. మన మందుల షాపుల్లో దొరికే, మిల్లీలీటర్‌కు 40 యూనిట్లుండే వయల్‌కు ఎర్ర మూత సిరంజి. నారింజ మూతది 100 యూనిట్ల ఇన్సులిన్‌కు. దాంతో 40 వయల్ నుంచి 6 గీత దాకా లాగితే లోపలికి వెళ్ళేది 2.4 యూనిట్లే. తిరగేసి, ఎర్ర మూత సిరంజితో 100 వయల్ నుంచి 6 గీత దాకా లాగితే 15 వెళ్తాయి, అది ప్రాణాంతకం. సిరంజి సరైనదే అయి, పెంచుతూ పెంచుతూ కిలోకు ఒక యూనిట్ దాటినా షుగర్ దిగలేదంటే ఆగాలి. ఆపరేషన్ కాని ఆడకుక్క ఎదకు వచ్చి వెళ్ళిందా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందా, చెవి చుక్కల్లో స్టెరాయిడ్ ఉందా, కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బు ఉందా అని డాక్టర్ వెతకాలి.

నాలుగో గంటకే 95కి పడి, ఆరో గంటకల్లా 280కి లేచిపోయే కర్వ్ వస్తే డోసుతో ఆడుకోవద్దు. ఇన్సులిన్ రకమే మార్చాల్సి రావచ్చు. దాని గురించి వేరే పాఠం.

అభ్యాసం. 8 కిలోల కుక్క, పూటకు 5 యూనిట్లు. ఉదయం 7కు 352, 9కి 297, 11కు 233, 1కి 181, 3కు 104, 4కు 91, 5కు 88, 6కు 110, రాత్రి 7కు 143. నేడిర్ 80–150 లోపలే ఉంది. అయినా 7 గంటలకు ఆ 5 యూనిట్లు వేయడం ఎందుకు ప్రమాదం? నేడిర్ ఎన్నో గంటకు వచ్చిందో లెక్కపెట్టి, రెండో సూది మొదటి సూది మీద ఎక్కడ పడుతుందో గీసి చూపండి. రాత్రి ఒంటి గంటకు షుగర్ ఎటు వెళ్తుందో కూడా రాయండి. మీ ఇంట్లో నిజంగా ఇలా వస్తే సూది వేయకముందే డాక్టర్‌కు ఫోన్ చేయాలి, అది అందరికీ తెలుసు. కాబట్టి "డాక్టర్‌ను అడుగుతాం" అని జవాబు రాయొద్దు, కారణం రాయండి.