పత్రిక వదిలి వెళ్తున్న రిపోర్టర్ రాజీనామా లేఖ ఎలా రాయాలి?

హైదరాబాద్ శివారులో మున్సిపల్ బీట్ చూసే ఒక రిపోర్టర్‌కు రియల్ ఎస్టేట్ కంపెనీలో పీఆర్ ఉద్యోగం వచ్చిందనుకుందాం. చేతిలో సగంలో ఉన్న కథనం ఒకటుంది: చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే ఎఫ్‌టీఎల్ పరిధిలో వేసిన లేఅవుట్ మీద. సమాచారం ఇచ్చింది మున్సిపల్ ఆఫీసులో పనిచేసే ఒక ఉద్యోగి. ఈ పరిస్థితిలో ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని రెండు లైన్లు రాసి ఇచ్చేస్తే చిక్కులొస్తాయి.

1. ముందు బీట్ నుంచి తప్పుకోండి. ఉద్యోగం గురించి మాటలు గట్టిగా మొదలైన రోజే బ్యూరో చీఫ్‌కు చెప్పి, రియల్ ఎస్టేట్ వార్తలు మరొకరికి ఇప్పించండి. ఆఫర్ లెటర్ వచ్చేదాకా ఆగితే, ఈలోపు ఆ కంపెనీ మీద రాసిన మామూలు వార్త కూడా రేపు అనుమానంగా కనిపిస్తుంది. మాటలు మొదలైన తేదీని లేఖలో పెట్టండి. ఆ తేదీ తర్వాత అచ్చయిన వార్తల్లో ఆ కంపెనీ ప్రస్తావన ఉంటే ఎడిటర్‌కు మీరే చూపించండి.

2. పెండింగ్ కథనాలకు వేరే నోట్ రాయండి. రాజీనామా లేఖ ఎడిటర్ పేరు మీద రాసినా చివరికి చేరేది హెచ్ఆర్ ఫైల్లోకి. దాన్ని ఎంతమంది చూస్తారో తెలియదు. అందుకే లేఖలో ‘వివరాలు విడిగా అందజేశాను’ అని మాత్రం ఉండాలి. అసలు నోట్ బ్యూరో చీఫ్ చేతికే ఇవ్వాలి. అందులో మనకు రుజువు దొరికిందేమిటి, ఎవరో చెప్పగా విన్నదేమిటి, ఎవరి వివరణ ఇంకా రావాలి అన్నవి విడివిడిగా రాయండి. ఈ తేడా రాయకపోతే, కొత్త రిపోర్టర్ విన్నమాటను రుజువనుకుని అచ్చేసే ప్రమాదం ఉంది.

కథనం కోసం పెట్టిన ఆర్టీఐ దరఖాస్తుల సంగతి చాలామంది మరిచిపోతారు. దరఖాస్తు మీ పేరు మీద ఉంటుంది కాబట్టి జవాబు మీ ఇంటికే వస్తుంది. 30 రోజుల్లో రాకపోతే మొదటి అప్పీలు వేయాల్సింది కూడా మీరే. అప్పటికి మీరు రియల్ ఎస్టేట్ కంపెనీ మనిషి. కొత్త రిపోర్టర్ తన పేరుతో వెంటనే మరో దరఖాస్తు పెట్టుకోవడమే మంచిది.

3. సోర్స్‌ను అడగకుండా ఎవరికీ అప్పగించకండి. ‘నేను మానేస్తున్నాను, ఫలానా కంపెనీలో చేరుతున్నాను, మీ నంబర్ మా కొత్త రిపోర్టర్‌కు ఇవ్వనా?’ అని నేరుగా అడగండి. వద్దంటే అక్కడితో ఆపేయండి. పేరు రాయకపోయినా మనిషి దొరికిపోవచ్చు. జిరాక్స్ కాపీ మీద ఇన్‌వార్డ్ స్టాంపు, మార్జిన్‌లో చేతిరాత ఉంటే కాగితం ఏ సీటు నుంచి బయటికొచ్చిందో ఆఫీసులో ఇట్టే పట్టేస్తారు. అలాంటి కాపీలు నోట్‌కు జత చేయొద్దు.

ఆఫీసు సిమ్ వాడుతుంటే ఇంకా జాగ్రత్త. ఆ నంబర్ రేపు ఎవరి చేతికి వెళ్లినా, అవతల ఉన్నది మీరే అనుకుని సోర్స్ దానికే మెసేజ్ పెడతాడు. తిరిగి ఇచ్చేముందే అతనికి చెప్పి, ఆ నంబర్ మీది వాట్సాప్ అకౌంట్ తీసేయండి, ఆఫీసు కంప్యూటర్‌లో లాగౌట్ అవ్వండి.

4. లేఖ రాయండి. ఇలా ఉంటే చాలు:

> ఎడిటర్ గారికి,
>
> సిటీ బ్యూరో రిపోర్టర్ ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నియామక పత్రం ప్రకారం నోటీసు గడువు ముగిసే ____ తేదీన నన్ను రిలీవ్ చేయగలరు.
>
> ____ అనే రియల్ ఎస్టేట్ సంస్థలో చేరుతున్నాను. వారితో చర్చలు ____ తేదీన మొదలయ్యాయి. నోటీసు కాలంలో రియల్ ఎస్టేట్, లేఅవుట్ అనుమతుల వార్తలు రాయను, ఎడిట్ చేయను.
>
> పెండింగ్ కథనాల వివరాలు బ్యూరో చీఫ్ గారికి విడిగా అందజేశాను. అచ్చుకాని సమాచారాన్ని, సోర్సుల వివరాలను కొత్త సంస్థకు గానీ ఇతరులకు గానీ ఇవ్వను. నా వార్తలపై నోటీసులు, కేసులు వస్తే సహకరిస్తాను.
>
> భవదీయుడు,

చివరి వాక్యం ఊరికే పెట్టింది కాదు. క్రిమినల్ పరువునష్టం ఫిర్యాదుకు మూడేళ్ల గడువుంటుంది. అచ్చయిన వార్తల నోట్‌బుక్కులు అప్పటిదాకా ఎవరి దగ్గరుండాలో ఇప్పుడే తేల్చుకోండి.

మొహమాటానికి పోయి అతిగా హామీలివ్వడం కూడా పొరపాటే. ‘ఇకపై ఏ పత్రికలోనూ పనిచేయను’ లాంటి మాట రాయనక్కర్లేదు. ఉద్యోగం మానేశాక వృత్తి చేసుకోనివ్వని ఒప్పందాలు భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం సాధారణంగా చెల్లవు. రహస్యాలు కాపాడతానన్న హామీ వేరు, దాన్ని నిలబెట్టుకోవాల్సిందే.

5. రసీదు తీసుకోండి. లేఖ కాపీ మీద తేదీతో సంతకం పెట్టించుకోండి, లేదా మెయిల్‌లో పంపి జవాబు తెప్పించుకోండి. అక్రిడిటేషన్ కార్డు పత్రిక సిఫారసుతో వచ్చింది కాబట్టి, పీఆర్ ఉద్యోగంలో చేరేముందే దాన్ని ఆఫీసులో అప్పగించి, దానికి కూడా రసీదు తీసుకోండి.