ఏసీ వేయగానే దీపం మందగిస్తే: వేసవికి ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

తిరుపతిలో ఎండలు ముదిరాక ఏసీలూ బోరు మోటార్లూ గంటల తరబడి నడుస్తాయి కనుక, ఇంటి వైరింగును మార్చిలోనే ఒకసారి పరీక్షించుకోవడం మంచిది. మోటారు స్విచ్చి వేసిన క్షణంలో దీపం ఒక్కసారి తగ్గి వెంటనే మామూలుగా వెలిగితే, అది దోషం కాదు. ఆగి ఉన్న మోటారు కదలడానికి మామూలుకంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఉదాహరణకు, నడుస్తున్నప్పుడు 6 ఆంపియర్లు తీసుకునే బోరు మోటారు మొదట 35 దాకా లాగిందనీ, స్తంభం నుంచి ఇంటిదాకా రానూపోనూ వైరు నిరోధం 0.4 ఓములనీ అనుకుందాం. అప్పుడు 14 వోల్టులు ఆ దారిలోనే పోయి, 230 ఉండవలసిన చోట 216 మిగులుతుంది. దీపానికీ అదే దారి కాబట్టి అదీ మందగిస్తుంది. ఇన్వర్టర్ ఏసీ మెల్లగా వేగం పుంజుకుంటుంది కనుక ఈ కునుకు అంతగా కనిపించదు.

అయితే ఏసీ నడుస్తున్నంతసేపూ దీపం మందంగానే ఉన్నా, మినుకుమినుకుమన్నా ఎక్కడో అతుకు వదులైందని అనుమానించాలి. ఆ అతుకు దగ్గర అదనంగా అర ఓము నిరోధం చేరినా, 8 ఆంపియర్ల ఏసీ నడిచినంతసేపూ ఆ చిన్న స్క్రూ దగ్గర 32 వాట్ల వేడి పుడుతుంది. సోల్డరింగు ఐరన్ కాలేది కూడా దాదాపు అంతటి వేడితోనే. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: కరెంటు పరిమితి దాటలేదు కనుక ఎం.సి.బి. పడిపోదు, ప్లాస్టిక్కు మాత్రం మాడుతూనే ఉంటుంది.

చోటు గుర్తించడం కష్టం కాదు. ఒక్క గదిలోనే మందగిస్తే ఆ గది వైరింగునూ ప్లగ్గునూ, ఇల్లంతా మందగిస్తే మీటరు బోర్డునూ సర్వీసు వైరునూ, పక్కింట్లోనూ అలాగే ఉంటే వీధి లైనునూ చూడాలి. ఏసీ ఆపి ఒకసారి, నడుస్తుండగా ఒకసారి వేరే ప్లగ్గులో మల్టీమీటరుతో వోల్టేజి చూస్తే, పై లెక్కలో మంచి వైరింగుకు 3 వోల్టులు తగ్గుతుంది, వదులైన అతుకు ఆ దారిలో ఉంటే 7 దాటుతుంది. మాడు వాసన, చిటపట శబ్దం, చేతికి వేడిగా తగిలే స్విచ్ బోర్డు ఉంటే కొలతల కోసం ఆగకుండా ఆ లైను ఆపివేయాలి.

మోటారు తిరగకుండా మూలుగుతూ దీపాలను కొన్ని సెకన్లు మందగింపజేస్తే, వెంటనే స్విచ్చి కట్టేసి కెపాసిటరును పరీక్షింపజేయాలి. దోషం వైరింగులోనే ఉంటుందని అనుకోనవసరం లేదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన గుర్తు వేరు. మూడు ఫేజుల ఇంట్లో ఒక గది దీపం మందగిస్తుండగా మరో గది దీపం మామూలుకంటే ఎక్కువగా వెలిగితే, న్యూట్రల్ తెగుతున్నట్టే లెక్క. వోల్టేజి కొన్ని ఫేజుల్లో 230 దాటి ఎంతో పైకి పోయి టీవీ, ఫ్రిజ్జు కాలిపోవచ్చు. తక్షణం మెయిన్ ఆపి విద్యుత్ శాఖ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయాలి. మెయిన్ ఆపినా మీటరు వైపు వైరులో కరెంటు ఉంటుంది కనుక, ఆ బిగింపులు శాఖ సిబ్బందే చేయాలి, ఇంటి ఎలక్ట్రీషియన్ వాటి జోలికి పోకూడదు.