దసరా రద్దీకి ముందే చెబుతున్నాను: క్యూను షీటులోకి దించకండి

కిందటి పండుగ అమ్మకాలు ముగిసిన మూడు వారాలకు మా రీఫండ్ బృందానికి ఒక కస్టమర్ ఫోన్ చేసి ఏడ్చింది. ఎవరో ఆమె ఆర్డర్ నంబరు, కొన్న వస్తువు, వాపసు రావలసిన మొత్తం, బ్యాంకు ఖాతా చివరి నాలుగు అంకెలు తప్పు లేకుండా చెప్పి, ఓటీపీ అడిగారు. ఇన్ని తెలిసినవాడు కంపెనీ మనిషే అనుకుని ఆమె ఓటీపీ చెప్పేసింది.

లాగ్ తీసి చూశాం. ఆ వారంలో ఒక రాత్రి 9:40కి కస్టమర్ల రీఫండ్ టికెట్ల క్యూ మొత్తం ఎక్సెల్ షీటుగా డౌన్‌లోడ్ అయింది. డౌన్‌లోడ్ చేసినవారి ఉద్దేశం మంచిదే. టికెట్లు ఒక్కొక్కటిగా తెరిస్తే ఆలస్యమవుతుందని అన్నిటినీ ఒకచోటికి తెచ్చి, బృందం వాట్సాప్ గ్రూపులో పంచారు. ఆ గ్రూపులో ఉద్యోగం మానేసినవారు కూడా ఇద్దరు ఉన్నారు. షీటు ఏ ఫోనుల్లో మిగిలిందో, వాటిలో దేని నుంచి బయటికి పోయిందో ఈ రోజుకీ తేలలేదు. ఎవరు దించారో కూడా కచ్చితంగా చెప్పలేకపోయాం, ఎందుకంటే ఆ లాగిన్‌ను ముగ్గురు వాడుతున్నారు.

పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదని మీకు తెలుసు. నేను చెప్పేది షీటు గురించి. టికెట్ లోపల ఉన్నంతవరకు ఎవరు తెరిచారో, ఎప్పుడు తెరిచారో సిస్టమ్ రాసుకుంటుంది. ఖాతా నంబరులో చివరి అంకెలు తప్ప మిగతావి దాస్తుంది. షీటులోకి దిగిన క్షణం నుంచి ఆ రెండు రక్షణలూ పోతాయి. కాపీకి కాపీ పుడుతుంది, ఏ లాగ్‌లోనూ పడదు.

‘పాస్‌వర్డులు లేవుగా, పేర్లూ ఫోను నంబర్లే కదా’ అంటారు. 2025 మేలో క్రిప్టో కరెన్సీ సంస్థ కాయిన్‌బేస్ ఒక సంగతి ప్రకటించింది. విదేశాల్లోని కొందరు సపోర్ట్ ఉద్యోగులు లంచం తీసుకుని కస్టమర్ల పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లు బయటివారికి ఇచ్చారు. పాస్‌వర్డులు పోలేదు. అయినా ఆ వివరాలతోనే మోసగాళ్లు కంపెనీ మనుషులమని కస్టమర్లను నమ్మించారు.

షీటు పనిని కూడా పాడుచేస్తుంది. ఎక్సెల్ సంఖ్యలో 15 అంకెల వరకే నిలుపుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరును సంఖ్యగా అతికిస్తే చివరి అంకె సున్నా అవుతుంది. మొదట్లో సున్నాలుంటే రాలిపోతాయి. ఒక్క నిలువు వరుసను మాత్రమే క్రమంలో పెడితే పేరు ఒకరిది, ఖాతా ఇంకొకరిది అవుతుంది. మాకు ఇలా రెండు రీఫండ్‌లు తప్పుడు ఖాతాలకు వెళ్లాయి. ఒకటే తిరిగి వచ్చింది.

టికెట్‌లో మీరు రాసే నోట్ సంగతి. చాలామంది ‘ఖాతా నంబరు ఇది, ఫోను ఇది, కస్టమర్‌తో మాట్లాడాను’ అని మొత్తం అందులో పెడతారు. పైన సిస్టమ్ దాచిన అంకెలను కింద మీరే బయటపెట్టినట్లు. నోట్‌ను దాచే ఏర్పాటు సాధారణంగా ఉండదు, పైగా అది మెయిల్ నోటిఫికేషన్లలోనూ వెళ్తుంది. ఇలా రాస్తే చాలు: ‘కస్టమర్ చెప్పిన ఖాతా చివరి 4 అంకెలు రికార్డుతో కలిశాయి. రీఫండ్ కోసం చెల్లింపుల విభాగానికి పంపాను.’ ఏం చేశారు, ఎందుకు చేశారు అన్నది ఉండాలి, వివరం ఉండకూడదు. ఎవరు, ఎప్పుడు అన్నది మీ లాగిన్ చెబుతుంది. అందుకే దాన్ని ఇంకొకరికి ఇవ్వకండి.

ఇక మిగిలినవి వరుసగా:

- మీకు కేటాయించిన టికెట్ తప్ప వేరే కస్టమర్ పేజీ తెరవకండి. తెలిసినవారి ఆర్డర్ అయినా సరే.
- పూర్తి నంబరు చూడాల్సివస్తే కారణం రాసి టీమ్ లీడ్ అనుమతి తీసుకోండి. పని కాగానే ఆ అనుమతి తీసేయించండి.
- తాత్కాలికంగా చేరినవారికి మొదటి రోజే సొంత లాగిన్ ఇవ్వండి. చివరి రోజు సాయంత్రమే మూసేయండి, మరునాడు కాదు.
- స్క్రీన్‌షాట్ తప్పదంటే పేరు, నంబరు లేకుండా తీయండి. ఎక్సెల్‌లో బొమ్మను కత్తిరించినా దాచిన భాగం ఫైల్‌లో మిగిలి ఉండవచ్చు.
- ఫోనుతో తెర ఫొటో తీయకండి.
- కార్డు సీవీవీ అడగకండి. కస్టమర్ తానే చెబితే రాసుకోకండి.
- కుర్చీ వదిలితే తెర లాక్ చేయండి.
- షీటు దించకండి. లీడ్ అడిగినా దించకండి, ఎందుకో టికెట్‌లో రాసి ఇమ్మనండి.
- ఇప్పటికే దించి ఉంటే, ఇప్పుడే చెప్పండి. మీకు మీరే చెరిపేయకండి. ఏ వరుసలు పోయాయో తెలుసుకోవడానికి ఆ ఫైలే కావాలి. డేటా బయటికి పోయినట్లు తెలిసిన 6 గంటల్లోపు కంపెనీ ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలి. మీరు రాత్రంతా ఆలోచించుకుంటూ కూర్చుంటే ఆ గడువు దాటిపోతుంది.
- షీటు దించకండి.