నీట్ మాక్ మార్కులను నమ్మవచ్చా: సిరొంచ వైపు పిల్లలకు సమస్య - పరిష్కారం

మహారాష్ట్రలోని సిరొంచ, అంకిస, ఆసరెల్లి వైపు తెలుగు ఇళ్లలో నీట్ రాసే పిల్లలు ఉంటే ఏప్రిల్‌లో అడిగే ప్రశ్న ఒకటే: "మాక్‌లో ఇన్ని వస్తున్నాయి, సీటు సేఫేనా?" మార్కు చూసి జవాబు చెప్పేస్తే పిల్లలకు అన్యాయం చేసినట్టే. ముందు ఆ మార్కు ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి.

సమస్య: మాక్‌లో 600 దాటుతున్నాయి, పాత నీట్ పేపర్ ఇస్తే పడిపోతున్నాయి

కారణం చాలాసార్లు ఆ 600లోనే ఉంటుంది. అది పదకొండో తరగతి సిలబస్‌కే పెట్టిన టెస్ట్ కావచ్చు. క్లాసులో చేయించిన ప్రశ్నలే మళ్లీ వచ్చి ఉండవచ్చు. ఇంట్లో ఫోన్‌లో, మధ్యలో లేచి నీళ్లు తాగుతూ రాసిందీ కావచ్చు. ఫోన్‌లో నొక్కితే సరిపోతుంది కానీ అసలు పరీక్షలో 180 బబుల్స్ పెన్నుతో దిద్దాలి, దానికీ సమయం పోతుంది.

లెక్కలోకి తీసుకోవలసినవి పూర్తి సిలబస్‌తో, మొదటిసారి చూసిన పేపర్‌తో, ఓఎంఆర్ మీద, 180 నిమిషాల్లో ఒకే బిగిన రాసినవి మాత్రమే. వీలైతే మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు రాయించండి, నీట్ జరిగేది ఆ వేళలోనే. మిగతా టెస్టులు నేర్చుకోవడానికి పనికొస్తాయి, అంచనాకు పనికిరావు. ఇలా వడకట్టాక కనీసం ఐదారు మార్కులు చేతిలో లేకపోతే అంచనా వేయకండి.

సమస్య: మార్కు బాగానే ఉంది, ర్యాంకు ఎంతో తేలడం లేదు

మార్కుకు దానంతట అదే విలువ లేదు. 2024లో 600 మార్కులకు ర్యాంకు 80 వేల చుట్టూ పోయింది. 2025లో ఫిజిక్స్ బాగా కష్టంగా వచ్చింది, టాపర్‌కే 686. ఆ ఏడు 600 దాటినవాళ్లు దేశం మొత్తంలో పదమూడు వందల చిల్లర. ఇన్‌స్టిట్యూట్ పేపర్ ఈ రెండింటిలో దేనికి దగ్గరో తెలియకుండా, మాక్ మార్కును నిరుటి కటాఫ్ పక్కన పెట్టి చూడటం తప్పు.

దీనికి రెండు పాత నీట్ పేపర్లను కొలతగా వాడండి: ఒకటి తేలిక ఏడాదిది, ఒకటి కష్టమైన ఏడాదిది. పిల్లలు అంతకుముందు ఆ పేపర్లు చూసి ఉండకూడదు. అందుకే ఆ రెండింటినీ ఏప్రిల్ దాకా క్లాసులో ముట్టుకోవద్దని నేను టీచర్లకు గట్టిగా చెబుతాను. 2024 పేపర్‌లో 200 ప్రశ్నలిచ్చి 180 రాయమన్నారు, సమయం 200 నిమిషాలు. దాన్ని అదే పద్ధతిలో రాయించాలి. తర్వాత ఏ ఏడాది పేపర్‌లో వచ్చిన మార్కును ఆ ఏడాది చివరి సీటు మార్కుతోనే పోల్చాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సిరొంచలోనే పన్నెండో తరగతి చదివిన అమ్మాయి. వడకట్టాక మిగిలిన ఆరు మాక్‌లు: 548, 512, 571, 530, 489, 542. సగటు 532. విడిగా రాయిస్తే 2025 పేపర్‌లో 476, 2024 పేపర్‌లో 597 వచ్చాయి. మహారాష్ట్ర స్టేట్ కోటాలో ఆమె కేటగిరీకి చివరి సీటు 2025లో 465 దగ్గర, 2024లో 585 దగ్గర ఆగిందనుకుందాం. రెండు పేపర్ల మార్కులకు మధ్య 121 తేడా ఉన్నా, రెండింటిలోనూ ఆమె చివరి సీటుకు 11, 12 మార్కులు పైనే ఉంది. ఇన్‌స్టిట్యూట్ పేపర్లలో ఆమె సగటు 532 కాబట్టి, అందులో ఆ 12 తీసేస్తే ఆ పేపర్లలో చివరి సీటు గీత సుమారు 520 దగ్గర ఉన్నట్టు. ఒక పేపర్‌లో 40 పైన, ఇంకో పేపర్‌లో 20 కింద వచ్చి ఉంటే ఈ గీతను నమ్మేవాణ్ణి కాదు, మూడో పాత పేపర్ రాయించేవాణ్ణి.

సమస్య: సగటు గీత దాటింది, అయినా టెన్షన్ పోవడం లేదు

ఆ టెన్షన్‌కు కారణం ఉంది. పరీక్ష రోజు వచ్చేది సగటు కాదు, ఒక్క మార్కు. ఆరు మాక్‌లను మళ్లీ చూడండి: 512, 489 రెండూ 520 కింద ఉన్నాయి. అంటే ఇలాంటి రోజులు ఆరైతే రెండు రోజులు సీటు పోయింది. దీన్ని సేఫ్ అనను, సగానికి కాస్త మెరుగు అంటాను. ఆరు మాక్‌లూ గీత దాటినా పూర్తి భరోసా ఉండదు. అసలు పరీక్ష కూడా అదే రకం ఏడో పేపర్ అయితే, ఏడింటిలోకీ తక్కువ మార్కు దానిలోనే వచ్చే అవకాశం ఏడింట ఒకటి.

ఇప్పుడు పైమార్కులను పెంచే పని కాదు, ఆ రెండు కింది మార్కులు ఎందుకు వచ్చాయో వెతికే పని. ఓఎంఆర్, కీ పక్కపక్కన పెట్టి ప్రతి ప్రశ్న ఎదుట ఒక గుర్తు వేయించండి: తెలిసి రాసింది, ఊహించింది, చదవకుండా వదిలేసింది. ఊహలో నాలుగింట ఒకటి తగిలితే నాలుగు వస్తాయి, మూడు తప్పులకు మూడు పోతాయి. కాబట్టి గుడ్డి ఊహల వల్ల సగటున నష్టం లేదు, పెద్ద లాభమూ లేదు. మా ఉదాహరణలో కింది రెండు టెస్టుల్లోనూ కారణం మూడో గుర్తు. ఫిజిక్స్‌తో మొదలుపెట్టి, ఒక లెక్క దగ్గర ఇరుక్కుని, చివరికి తొమ్మిది బయాలజీ ప్రశ్నలు చదవకుండానే వదిలేసింది. అవి తెలిసినవే అయితే 36 మార్కులు. 489కి 36 కలిపితే 525, గీత పైకి వస్తుంది.

కాబట్టి బయాలజీ 90 ప్రశ్నలు ముందు 50 నిమిషాల్లో, కెమిస్ట్రీ 50లో, ఫిజిక్స్ 65లో రాయించి, మిగిలిన 15 నిమిషాలు బబుల్స్ సరిచూడటానికి ఉంచాలి. ఈ వరుసతో ఇంకో మూడు మాక్‌లు రాశాక అతి తక్కువ మార్కు ఎంతకు పెరిగిందో చూడండి. సగటు కదలకపోయినా ఫరవాలేదు.

సమస్య: మార్కులు గీత దాటాయి, జాబితాలో మాత్రం పేరు లేదు

ఇది నది దాటి తెలంగాణలో చదివే మన పిల్లలకే ఎక్కువగా వచ్చే సమస్య, అన్నిటికంటే బాధ పెట్టేదీ ఇదే. ఇంటర్ హనుమకొండలో చదివించి, తెలంగాణ కటాఫ్‌తో పోల్చుకుని ధైర్యంగా ఉంటారు. తెలంగాణలో స్థానికుడిగా లెక్కించడానికి ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లూ వరుసగా అక్కడే చదివి ఉండాలన్నది సాధారణ నియమం. మహారాష్ట్ర స్టేట్ కోటాకు డొమిసైల్‌తో పాటు పదీ పన్నెండూ మహారాష్ట్రలోనే పాసై ఉండాలని అడుగుతారు. పది వరకు సిరొంచలో, ఆపై రెండేళ్లు అవతల చదివితే రెండు చోట్లా బయటపడే ప్రమాదం ఉంది. అప్పుడు ప్రభుత్వ కాలేజీల్లో ప్రధానంగా మిగిలేది 15 శాతం ఆల్ ఇండియా కోటా, దాని గీత వేరు.

అందుకే గీత గీయకముందే రెండు రాష్ట్రాల ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లో అర్హత పేజీ చదవండి, మినహాయింపులు కూడా అక్కడే ఉంటాయి. పిల్లలు ఏ జాబితాలోకి వస్తారో తేల్చుకుని, ఆ జాబితా చివరి సీటు మార్కునే పై లెక్కలో పెట్టండి. పది పూర్తయి ఇంటర్ ఎక్కడ చేర్పించాలా అని ఆలోచిస్తున్న ఇంట్లో ఈ పేజీ చేరేటప్పుడే చదవాలి, మాక్ టెస్టుల నాటికి ఆలస్యమవుతుంది.