బ్యాంకులో బిల్లు డిస్కౌంట్: దరఖాస్తు నుంచి అనాదరణ పద్దుల దాకా

అప్పు మీద సరుకు అమ్మిన వ్యాపారి గడువు దాకా ఆగలేకపోతే, ఫలానా రోజుకు ఇంత చెల్లించాలని తాను రాయగా కొనుగోలుదారు ఒప్పుకుని సంతకం పెట్టిన బిల్లును బ్యాంకుకు ఇచ్చి ముందే డబ్బు తీసుకోవచ్చు. అయితే డబ్బు ఖాతాలో పడ్డంత మాత్రాన బాధ్యత తీరిపోదు. గడువు రోజున కొనుగోలుదారు చెల్లించకపోతే బ్యాంకు తిరిగి మీ దగ్గరికే వస్తుంది. దరఖాస్తులో అడిగే కాగితాలన్నీ ఈ ఒక్క భయం చుట్టూనే తిరుగుతాయి.

ఒక లెక్క తీసుకుందాం. గుంటూరు మిర్చి వ్యాపారి హైదరాబాద్‌లోని మసాలా కంపెనీకి రూ.2,00,000 సరుకు పంపి, మే 12న మూడు నెలల బిల్లు రాశాడు. కంపెనీ దాన్ని స్వీకరించి తిప్పి పంపింది.

ముందు గడువు తేదీ లెక్క సరిచూసుకోవాలి. మూడు నెలలంటే ఆగస్టు 12, దానికి మూడు గ్రేస్ రోజులు కలిపితే ఆగస్టు 15. అది సెలవు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 1881 ప్రకారం ఆఖరి రోజు ప్రభుత్వ సెలవైతే, దానికి ముందున్న పనిరోజే గడువు. కాబట్టి ఈ బిల్లు సొమ్ము ఆగస్టు 14నే చెల్లించాలి. సెలవైతే మరుసటి రోజుకు జరుగుతుందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు.

తర్వాత చూడాల్సింది స్టాంపు. గడువు బిల్లుకు తగిన విలువ స్టాంపు ఉండాలి, అదీ సంతకం పెట్టకముందో పెట్టేటప్పుడో. వేరే పత్రాల్లో స్టాంపు తగ్గితే జరిమానా కట్టి కోర్టులో చూపించుకునే దారి ఉంది. బిల్లుకూ ప్రామిసరీ నోటుకూ ఆ వెసులుబాటు లేదు. స్టాంపు లేని బిల్లు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. బ్యాంకు కౌంటర్ దగ్గరే అలాంటి బిల్లును తిప్పి పంపడానికి కారణం ఇదే.

ఇక దరఖాస్తు. మొదటిసారైతే ముందు బిల్లుల డిస్కౌంట్ పరిమితి మంజూరు చేయించుకోవాలి. దానికి కేవైసీ, గత ఏళ్ల బ్యాలెన్స్ షీట్లు, ఆదాయపు పన్ను, జీఎస్టీ రిటర్నులు, ఎవరి మీద బిల్లులు రాస్తారో ఆ కొనుగోలుదారుల వివరాలు ఇవ్వాలి. పరిమితి మంజూరయ్యాక ఒప్పందంపై సంతకాలు పెట్టాలి. ఆ తర్వాత ఒక్కో బిల్లుకు బ్యాంకు ఫారంతో పాటు అసలు బిల్లు, ఇన్‌వాయిస్, లారీ రశీదు, ఈ-వే బిల్లు జతచేస్తే సరిపోతుంది. సరుకు చేతులు మారకుండా ఒకరి అవసరానికి మరొకరు స్వీకరించే సర్దుబాటు బిల్లులను బ్యాంకులు తీసుకోవు. ఇన్‌వాయిస్, రశీదు, బిల్లు మొత్తాలూ తేదీలూ పొసగకపోతే అనుమానం అటే పోతుంది.

బిల్లు మీది హక్కును బ్యాంకుకు బదిలీ చేస్తూ వెనక ఎండార్స్‌మెంట్ రాసేటప్పుడు తొందరపడకూడదు. ఉత్త సంతకం పెట్టి వదిలేస్తే బిల్లు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు సొమ్ము అడగగలిగేలా మారిపోతుంది. అందుకే 'ఫలానా బ్యాంకుకు లేదా వారి ఆదేశం మేరకు చెల్లించండి' అని పేరుతో రాసి, సంస్థ ముద్ర వేసి, బ్యాంకులో నమూనా సంతకం ఇచ్చినవారే సంతకం చేయాలి. సగం మొత్తానికే ఎండార్స్ చేస్తానంటే చట్టం ఒప్పుకోదు, బిల్లు మొత్తం బదిలీ కావాలి. వెనకవైపు చోటు లేకపోతే కాగితం అతికించి దానిమీద రాయవచ్చు.

మన వ్యాపారి జూన్ 2న బిల్లును డిస్కౌంట్ చేయించాడు. వడ్డీ రేటు 12 శాతం అనుకుందాం. జూన్ 2 నుంచి ఆగస్టు 14 దాకా 73 రోజులు, అంటే ఏడాదిలో సరిగ్గా ఐదో వంతు. డిస్కౌంట్ రూ.4,800 పోగా చేతికి రూ.1,95,200 వస్తాయి. డిస్కౌంట్ మీద జీఎస్టీ ఉండదు, బ్యాంకు వేరే సర్వీసు ఛార్జీలు తీసుకుంటే వాటిమీద మాత్రం ఉంటుంది.

వ్యాపారి పుస్తకాల్లో బిల్లు వచ్చినప్పుడు:
వసూలు బిల్లుల ఖాతా డె. 2,00,000
  టు మసాలా కంపెనీ ఖాతా 2,00,000

డిస్కౌంట్ చేసినప్పుడు:
బ్యాంకు ఖాతా డె. 1,95,200
డిస్కౌంట్ ఖాతా డె. 4,800
  టు వసూలు బిల్లుల ఖాతా 2,00,000

గడువు రోజున కంపెనీ బ్యాంకుకు చెల్లించేస్తే వ్యాపారి ఏ పద్దూ రాయనక్కర్లేదు. అది కంపెనీకీ బ్యాంకుకూ మధ్య వ్యవహారం. గడువు రాకముందే లెక్కలు ముగించే తేదీ వస్తే మాత్రం ఈ రూ.2,00,000ను ఆస్తి అప్పుల పట్టీ కింద, కంపెనీ చెల్లించకపోతే తన మీద పడే సంభావ్య అప్పుగా చూపాలి.

కంపెనీ చెల్లించకపోతే అది అనాదరణ. బ్యాంకు బిల్లును నోటరీ దగ్గరికి పంపి నోటింగ్ చేయిస్తుంది. నోటరీ ఆ తేదీ, చెల్లించకపోవడానికి చెప్పిన కారణం, తన రుసుం బిల్లు మీదో జతచేసిన కాగితం మీదో రాసి సంతకం పెడతాడు. నోటింగ్‌కు రూ.500 అయిందనుకుంటే బ్యాంకు వ్యాపారి ఖాతా నుంచి రూ.2,00,500 తీసుకుంటుంది. ఖాతాలో అంత లేకపోతే ఆ లోటు మీద వడ్డీ కూడా పడుతుంది.

అనాదరణ పద్దు:
మసాలా కంపెనీ ఖాతా డె. 2,00,500
  టు బ్యాంకు ఖాతా 2,00,500

ఇక్కడే తప్పులు ఎక్కువ. కొందరు వసూలు బిల్లుల ఖాతాను క్రెడిట్ చేస్తారు, కానీ డిస్కౌంట్ చేసిన రోజే ఆ ఖాతా మూసుకుపోయింది. కొందరు రూ.4,800 డిస్కౌంట్‌ను వెనక్కి తిప్పేస్తారు. ఆ డబ్బు వాడుకున్నందుకు బ్యాంకు తీసుకున్న ధర అది, తిరిగి రాదు. నోటింగ్ ఖర్చును సొంత ఖర్చుగా రాయడం మరో తప్పు. చెల్లించనిది కంపెనీ గనుక భారం దాని ఖాతాకే వెళ్లాలి. కంపెనీ తన పుస్తకాల్లో చెల్లింపు బిల్లుల ఖాతాను రూ.2,00,000కు, నోటింగ్ ఖర్చుల ఖాతాను రూ.500కు డెబిట్ చేసి, వ్యాపారి ఖాతాను రూ.2,00,500కు క్రెడిట్ చేస్తుంది. బిల్లును బ్యాంకుకు కాకుండా తన రుణదాతకు ఎండార్స్ చేసి ఉంటే, పై అనాదరణ పద్దులో బ్యాంకు స్థానంలో ఆ రుణదాత పేరు వస్తుంది, మిగతాదంతా ఇదే.

పద్దుల కంటే తొందరగా చేయాల్సిన పని, బిల్లు అనాదరణ అయిందని తెలిపే నోటీసు. పంపేవారూ అందుకునేవారూ ఒకే ఊళ్లో ఉంటే అనాదరణ మరుసటి రోజుకల్లా నోటీసు చేరేలా పంపాలి, వేరే ఊళ్లయితే మరుసటి రోజున గానీ తర్వాతి తపాలాలో గానీ పంపాలి. బిల్లు స్వీకర్తకు నోటీసు అక్కర్లేదు, బిల్లు రాసినవారికీ ఎండార్స్ చేసినవారికీ ఇవ్వాలి. బ్యాంకు నుంచి నోటీసు అందిన వ్యాపారి, తనకు ముందు ఎండార్స్ చేసినవారెవరైనా ఉంటే వాళ్లకు తనూ ఆలస్యం లేకుండా పంపాలి, లేకపోతే వాళ్ల మీద హక్కు పోవచ్చు. చెక్కు బౌన్స్ అయితే పెట్టే సెక్షన్ 138 కేసు బిల్లుకు వర్తించదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 37 కింద సంక్షిప్త దావా వేసుకోవచ్చు. కాలపరిమితి గడువు తేదీ నుంచి మూడేళ్లు.

కోర్టుదాకా పోకుండా కంపెనీ సమయం అడిగితే బిల్లును పునరుద్ధరించవచ్చు. రూ.80,500 నగదుగా ఇచ్చి, మిగిలిన రూ.1,20,000కు రెండు నెలలు గడువు కోరిందనుకుంటే, 12 శాతం చొప్పున వడ్డీ రూ.2,400. కొత్త బిల్లు రూ.1,22,400కు రాయాలి. వడ్డీకి కంపెనీ ఖాతాను డెబిట్ చేసి వడ్డీ ఖాతాను క్రెడిట్ చేయాలి. కొత్త బిల్లుకూ మళ్లీ తగిన స్టాంపు కావాలి. దాని మీద కంపెనీ స్వీకారం సంతకం పడ్డాకే పాత బిల్లును తిరిగి ఇవ్వాలి.